మూడు శరణాలు, ఐదు శీలాలు, మన నాగలి

అన్నలారా, తమ్ముళ్లారా, పని మీద పాతబస్తీ పోతే దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ మ్యూజియం లోపలికి పోండి. అందరూ గంట కొట్టే గడియారం దగ్గరే గుంపు కడతారు. మీరు రాతి బొమ్మల గది కూడా చూడండి. మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో దొరికిన బుద్ధుడు అక్కడ నిలబడి ఉన్నాడు.

బుద్ధుణ్ణి నమ్మాలంటే ఇల్లూ పొలమూ విడిచి గుండు కొట్టించుకోవాలని మనలో చాలామంది అనుకుంటారు. అది భిక్షువుల సంగతి. బుద్ధుడికి మొదటి శిష్యులు తపుస్సుడు, భల్లికుడు అనే ఇద్దరు వ్యాపారులు. అప్పటికి సంఘం పుట్టలేదు కాబట్టి బుద్ధుణ్ణీ ధర్మాన్నీ మాత్రమే శరణు అన్నారు, మళ్లీ బండ్లు తోలుకుని తమ దారిన పోయారు. బుద్ధం, ధర్మం, సంఘం మూడింటినీ మొదట శరణు అన్నది యశుడనే యువకుడి తండ్రి. ఆయనా సంసారం వదల్లేదు. శరణు అంటే వరాలు అడగడం కాదు. దారి చూపినవాడినీ, ఆ దారినీ, దాని మీద నడిచేవాళ్లనూ ఆసరాగా పట్టుకోవడం. మూడుసార్లు పలుకుతారు.

తర్వాత ఐదు శీలాలు. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పుడు కామానికి పోను, అబద్ధమాడను, మత్తు తాగను. ఇవి ఎవరో పెట్టిన ఆజ్ఞలు కావు. పాళీ మాటల్లో అర్థం ‘మానుకునే శిక్షణ నేను తీసుకుంటున్నాను’ అని. గృహస్థుకు బ్రహ్మచర్యం అడగలేదు, పరాయి సంబంధం వద్దన్నారు. రాత్రిపూట గట్టు జరపడం, మన వంతు కాకుండా కాలువ నీళ్లు మళ్లించుకోవడం రెండో శీలంలోకే వస్తాయి.

మనకు చిక్కు మొదటి శీలంతోనే. దుక్కి దున్నితే వానపాములు చావవా? పాత వ్యాఖ్యానాల లెక్క ప్రకారం ఐదు కలిస్తేనే శీలం తెగుతుంది: ప్రాణి ఉండాలి, ప్రాణి అని తెలియాలి, చంపాలనే తలపు ఉండాలి, ప్రయత్నం చేయాలి, అది చావాలి. విత్తనం కోసం దున్నినప్పుడు మూడోది లేదు. అదే నాగలితో పురుగు కోశాలు ఎండకు మాడాలనే ఎండాకాలంలో లోతు దుక్కి చేస్తే? తలపు ఉంది. పత్తి మీద మందు కొట్టడంలో దాచేదేమీ లేదు, ఐదూ ఉన్నాయి. భూమి తవ్వొద్దన్న నియమం భిక్షువులకే పెట్టారు, రైతుకు కాదు. కానీ విషం అమ్ముకుని బతకడం మాత్రం గృహస్థు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ఒకటి. నాకు తోచిందేమిటంటే, శీలం తీసుకున్న రైతు పక్కవాడు కొట్టాడని తానూ కొట్టడు. ముందు ఆకు తిప్పి చూస్తాడు. పురుగు అంతగా లేకపోతే ఆ డబ్బా విప్పడు.

ఐదోదానికి కల్లు, సారా, బ్రాందీ అన్న తేడా లేదు. మత్తు మనిషిని ఏమరపాటులోకి తోస్తుంది, మిగతా నాలుగూ అక్కడే జారతాయి. అందుకే మానమన్నారు. దావతుల్లో ఇది నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. తెగిందంటే వెలివేత లేదు, జరిమానా లేదు. మళ్లీ కూర్చుని మూడు శరణాల నుంచి తీసుకోవడమే.