పదిహేను శాతం తెచ్చిపెట్టే కాగితం

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న ఓ గుంటూరు ఇంజనీరు, ఊళ్లో పొలం అమ్మగా వచ్చిన డబ్బును ఎన్‌ఆర్‌వో ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాడనుకుందాం. ఏడాదికి 4 లక్షల వడ్డీ. అందులోంచి బ్యాంకు 31.2 శాతం, అంటే 1,24,800 రూపాయలు టీడీఎస్ కింద పట్టుకుంటుంది. అమెరికా నివాసి ఏ దేశంలో సంపాదించినా అక్కడ లెక్క చెప్పాలి కాబట్టి, ఇదే వడ్డీ అమెరికా రిటర్నులోకీ ఎక్కుతుంది.

"అక్కడ కట్టిందంతా ఇక్కడ తగ్గిస్తారులే బావా" అని బావమరిది ధీమా ఇస్తాడు. చిక్కంతా ఆ 'అంతా' దగ్గరే ఉంది.

1989లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇలాంటి వడ్డీ మీద భారత్ 15 శాతానికి మించి తీసుకోకూడదు. అంతకు మించి కట్టినదాన్ని అమెరికా పన్నుల శాఖ నీ ఇష్టంతో ఇచ్చుకున్న సొమ్ముగానే చూస్తుంది. ఇంజనీరుది 24 శాతం శ్లాబు అయితే అక్కడ పన్ను 96,000. అందులో 60,000 మాత్రమే తగ్గుతుంది, మిగతా 36,000 జేబులోంచి పోతుంది. రెండు చోట్లా కలిపి 1,60,800. బ్యాంకు మొదటే 15 శాతం పట్టుకుని ఉంటే మొత్తం 96,000తో సరిపోయేది.

ఆ 15 శాతం రేటు రావాలంటే తాను అమెరికా పన్ను నివాసినని ఆ దేశమే చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా, జీతం స్లిప్పు ఇందుకు పనికిరావు. ఫారం 8802 నింపి, 85 డాలర్ల రుసుముతో పంపితే ఫారం 6166 అనే ధ్రువపత్రం వస్తుంది. దానికి తోడు భారత ఆదాయపన్ను పోర్టల్లో ఇందుకోసం ఉన్న ఫారం దాఖలు చేసి, రెండూ బ్యాంకుకు ఇవ్వాలి.

చాలామంది తడబడేది ఏడాది దగ్గర. అమెరికా పత్రం జనవరి నుంచి డిసెంబరుకు, మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చికి. కాబట్టి పూర్తి ఆర్థిక సంవత్సరానికి రెండు క్యాలెండర్ ఏళ్ల పత్రాలు కావాలి. రాబోయే ఏడాది పత్రానికి అంతకు ముందు డిసెంబరు 1 కంటే ముందు దరఖాస్తు పంపినా తీసుకోరు. చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఆలోగా వడ్డీ పడితే బ్యాంకు పూర్తి రేటే కోస్తుంది.

అలా కోస్తే కథ ముగిసినట్టు కాదు. భారత్‌లో రిటర్ను వేసి, ఒప్పందం రేటు కోరి, మిగిలిన 64,800 వాపసు అడగవచ్చు. అప్పుడూ ఈ పత్రమే ఆధారం.

అయితే ఈ లెక్క, గుంటూరులో దుకాణాల అద్దెలూ గట్టిగా వస్తూ 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి. వడ్డీ తప్ప మరే ఆదాయమూ లేకపోతే మామూలు శ్లాబుల ప్రకారమే పన్ను 15 శాతం కన్నా తక్కువ తేలుతుంది, రిటర్ను వేస్తే చాలు. అద్దెకు ఒప్పందంలో ఇలాంటి గరిష్ఠ పరిమితి లేదు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి భారత్‌లో పన్నే లేదు గనుక అక్కడ ఈ పత్రంతో పని లేదు, అమెరికాలో మాత్రం దానికి పూర్తి పన్ను కట్టాల్సిందే.