“కానీ” దగ్గరే ప్రశ్న ఉంది
సికింద్రాబాద్‌లో మా జువాలజీ క్లాసులో రొనాల్డ్ రాస్ గురించి జరిగిన చర్చని టైప్ చేస్తే 20 పేజీలైంది. గ్రూప్ రివిజన్‌కి అందులోంచి ప్రశ్నలు తీయడం నా వంతు.

“రాస్ ఎప్పుడు కనిపెట్టాడు?” అని అడిగితే “1897 ఆగస్టు 20” అనేసి అందరూ ఊరుకుంటారు. అందుకే “కానీ” అంటూ ఎవరైనా అడ్డుపడ్డ చోట్లే గీత గీశా. “దోమ కుడితే మలేరియా వస్తుందని ఇక్కడే రుజువైంది” అని ఒకరన్నారు. “కానీ ఆయన చూసింది దోమ పొట్ట గోడలో పరాన్నజీవినే కదా?” అన్నారు ఇంకొకరు. బెల్ కొట్టేశారు, వాదన అక్కడే ఆగింది.

దాన్నే ఇలా మార్చా: “రాస్ ఇక్కడ చూసినదాంతో ఏం తేలింది, ఏం తేలలేదు? మిగతాది తేల్చాలంటే మీరైతే ఏ ప్రయోగం చేస్తారు?” 1898లో కలకత్తాలో ఆయన పక్షుల మీద చేసిన ప్రయోగం సంగతి కావాలనే రాయలేదు. రాస్తే జవాబు చెప్పేసినట్టే.

నలుగురూ ఒకే ముక్క చెప్పే ప్రశ్నల్ని కొట్టేశా. చివరికి నాలుగు మిగిలాయి.