సాయంత్రం ఐదింటికి రెట్టింపయ్యే క్యూ

మా ఫార్మసీలో సోమవారం సాయంత్రం ఐదు దాటిందంటే తెర మీద అంకె ఎగబాకుతుంది. డాక్టర్ల ఆఫీసులు మూసే ముందు ప్రిస్క్రిప్షన్లన్నీ ఒక్కసారే పంపిస్తాయి మరి. పోయిన నెల ఒక సోమవారం నాలుగున్నరకి 28 ఉన్నవి ఐదుంపావుకల్లా 57 అయ్యాయి. కౌంటర్ వెనక ఉన్నది నేనూ, ఇద్దరు టెక్నీషియన్లూ.

అలాంటప్పుడు వరసలో పైనుంచి చేసుకుంటూ పోకూడదు. పైన ఉన్నది ఆటో రీఫిల్ కావచ్చు, ఆ మనిషి దగ్గర ఇంకా వారానికి సరిపడా మాత్రలు ఉండొచ్చు. నేను చూసేది ఒక్కటే: తర్వాతి డోసు ఎప్పుడు వేసుకోవాలి? పోయినసారి ఏ తేదీన, ఎన్ని రోజులకి ఇచ్చామో చూస్తే అది తెలిసిపోతుంది. ఆ సాయంత్రం అలా చూసి 19 రీఫిల్స్ మర్నాటికి జరిపాను. జరిపితే చాలదు, ఇస్తామన్న టైమ్ కూడా కంప్యూటర్లో మార్చాలి. లేదంటే వాళ్ళంతా ఏడింటికి వచ్చి నిలబడతారు, క్యూ ఈసారి కౌంటర్ ముందు పెరుగుతుంది.

ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికి పంపిన ఒక పెద్దాయనకి తొమ్మిది మందులు వచ్చాయి. తొమ్మిదీ ఒకేసారి చెయ్యాలంటే గంట. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సబాన్ రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, రాత్రి ఇన్సులిన్ కూడా ఉంది. ముందు ఆ రెండూ ఇచ్చాను. కొలెస్ట్రాల్ మాత్రలు ఇంట్లో ఇంకా ఉన్నాయని కూతురు చెప్పింది, కాబట్టి అవి రేపటికి. మిగిలినవాటిలోనూ ఈ రాత్రికి కావలసినవి లేవని ఒక్కొక్కటీ చూశాకే ఆమెని పంపాను.

చెవిపోటు పిల్లాడి అమాక్సిసిలిన్ పొడి సీసాలో నీళ్ళు కలపడం టెక్నీషియన్ పని. బరువుకి తగ్గ డోసు, సీసా, నీళ్ళ కొలత మాత్రం నేను చూస్తాను. తల్లి వచ్చాకే కలిపిస్తాను, ఎందుకంటే కలిపాక అది 14 రోజులే పనికొస్తుంది. ఇన్సూరెన్స్ తిరస్కరించినవి, ఫోన్లు రెండో టెక్నీషియన్‌కి. అరల్లో గడువు తేదీలు చూసే పని ఆ రాత్రికి పూర్తిగా వదిలేశాం. వ్యాక్సిన్ల ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయడం మాత్రం వదల్లేదు.

ఎవరికీ అప్పగించనిది ఆఖరి పరిశీలన. వార్ఫరిన్ వాడే ఆవిడకి సల్ఫా యాంటీబయాటిక్ రాశారని తెర హెచ్చరించింది. రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఎంత రద్దీలో ఉన్నా ఆ హెచ్చరికని నొక్కి దాటెయ్యకూడదు. డాక్టర్ ఆఫీసు మూసేశారు, అందుకని డ్యూటీ డాక్టర్ని పట్టుకుని మందు మార్పించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. మధ్యలో డ్రైవ్-త్రూలో ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు.

ఎనిమిదింటికి తెర మీద 11 ఉన్నాయి, ఒక్కటీ ఆ రాత్రి వేసుకోవలసింది కాదు.