‘ఆకర్షణీయమైన జీతం’ అంటే ఎంత?

మా అక్క లోన్ తీసుకుని కూకట్‌పల్లిలో ఎనిమిది కుర్చీల సెలూన్ పెడుతోంది. ప్రకటన రాసే పని నాకిచ్చింది. ‘అనుభవజ్ఞులైన హెయిర్ స్టైలిస్టులు కావలెను. ఆకర్షణీయమైన జీతం’ అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టా. ఫోన్లు బాగానే వచ్చాయి. కానీ అందరూ అప్పుడే కోర్సు పూర్తిచేసినవాళ్లే. కలర్, స్మూతెనింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు ఒక్కరూ లేరు. అద్దె మాత్రం మొదలైపోయింది.

నాకు జుట్టు కత్తిరించే అన్నకి ప్రకటన చూపిస్తే నవ్వాడు. “పనొచ్చినోడికి చేతిలో ఉద్యోగం ఉంటది తమ్ముడూ. అది వదిలి రావాలంటే లెక్క కనబడాలె. టార్గెట్ ఎంత? ఇన్సెంటివ్ మొత్తం బిజినెస్ మీదనా, టార్గెట్ దాటినదాని మీదనా? కొత్త షాపుకి కస్టమర్లు రాకపోతే మా జీతం కోస్తరా?”

ఆ రాత్రే అక్కా నేనూ కూర్చుని తిరగరాశాం:

‘జీతం 25 వేలు. టార్గెట్ 75 వేలు. దాటిన బిజినెస్ మీద 10 శాతం. అంటే లక్ష చేస్తే చేతికి 27,500. టార్గెట్ అందకపోయినా జీతంలో కోత లేదు. మంగళవారం సెలవు. సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకోం. ఇంటర్వ్యూలో ఒక కట్, ఒక కలర్ చేసి చూపాలి.’

మంగళవారం చాలామంది జుట్టు కత్తిరించుకోరు కాబట్టి ఆ సెలవుతో అక్కకి పెద్ద నష్టం లేదు. చివరి వాక్యం చూసి, పని రానివాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోయారు. ఈసారి ఐదు ఫోన్లే వచ్చాయి. అందులో ముగ్గురు పనిమంతులు.

వాళ్లలో ఒకమ్మాయి చేరేముందు ఒక్కటే అడిగింది: “ఇవే మాటలు ఆఫర్ లెటర్‌లో కూడా రాస్తారా మేడమ్?”

అక్క రాసిచ్చింది.