సీత వచ్చినది, స్త్రీలు వచ్చినారు

మా సోమందేపల్లెలో ఎండకాలమున ప్రతి వీధిలోను వినబడు ప్రశ్న యొకటి కలదు: "నీళ్లు వచ్చినాయా?" చెంబెడు వచ్చినను బిందెడు వచ్చినను నీళ్లు వచ్చినవనియే యందుము గాని నీళ్లు వచ్చినదని యెవ్వరు ననరు. మా కరవు సీమలో దొరకుటయే యరుదైన యీ పదార్థమునకు భాష బహువచనమును ధారాళముగా నిచ్చినది! సంస్కృతమునను ఇట్లే. 'ఆపః' అను శబ్దము నిత్యబహువచనము, పైపెచ్చు స్త్రీలింగము. అదే నీటికి 'జలమ్' అను మరియొక పేరున్నది, అది నపుంసకము. పదార్థ మొక్కటే, లింగములు రెండు.

కావున సంస్కృతమున లింగము శబ్దమునకు చెందినది గాని వస్తువునకు గాదని తేలుచున్నది. దీనికి పండితులు చెప్పు ప్రసిద్ధోదాహరణము మన యింటిలోనిదే. భార్య యను నర్థమున 'దారాః' పుంలింగము, అదియును నిత్యబహువచనము, 'భార్యా' స్త్రీలింగము, 'కళత్రమ్' నపుంసకము. ఒక్క యిల్లాలికి మూడు లింగములు! తెలుగు పిల్లలు సంస్కృతము నేర్చునపుడు జారిపడు చోటిదియే. స్నేహితుడు మగవాడు గదా యని 'మిత్రః' అని వ్రాయుదురు. మిత్రః అనగా సూర్యుడు. స్నేహితుడు కావలెనన్న 'మిత్రమ్' అని నపుంసకముగా వ్రాయవలెను.

మా పూర్వశిష్యురా లొకతె యమెరికాలో నున్నది. ఆమె కూతురు అచ్చటి బడిలో స్పానిషు భాష చదువుచు, ఒక చిక్కును మాకు వ్రాసి పంపినది. ఆ భాషలో లింగములు రెండే. పుంలింగ నామమునకు ముందు 'ఎల్' అనియు, స్త్రీలింగ నామమునకు ముందు 'లా' అనియు చేర్తురు. 'ఆ'కారాంతములు చాలవరకు స్త్రీలింగములు. అట్లుండగా నీటిని 'ఎల్ ఆగువా' అననేల, సమస్యను 'ఎల్ ప్రొబ్లేమా' అననేల యని ఆ బాలిక ప్రశ్న. చూచుటకు రెండు నొక్క తీరుగానే యున్నవి గాని కారణములు వేరు. ఆగువా నిజముగా స్త్రీలింగమే. చల్లని నీరు 'ఎల్ ఆగువా ఫ్రీయా'. విశేషణము స్త్రీరూపమును విడువలేదు. బహువచనమున 'లాస్ ఆగువాస్' అని 'లా' తిరిగి వచ్చును. ఊనికతో పలుకు 'ఆ'కారము ముందున్నపుడు మాత్రమే 'ఎల్' వచ్చును. ఆ 'ఎల్' పుంలింగము నుండి యెరువు తెచ్చినది గాదు. లాటినులోని 'ఇల్లా' అను స్త్రీరూపమే 'ఎలా' అయి, ముందరి అచ్చుతో కలిసి తుది అచ్చును పోగొట్టుకొన్నది. మన సంధివంటిదే యనుకొనవచ్చును. ప్రొబ్లేమా సంగతి వేరు. అది గ్రీకు నుండి వచ్చిన నపుంసక శబ్దము. స్పానిషులో నామములకు నపుంసకము లేనందున పుంలింగములలో చేరినది. దాని తుదనున్న 'మా' యనునది మన నామన్, కర్మన్ శబ్దముల తుదనున్న 'మన్' ప్రత్యయమునకు తోబుట్టువు. కర్మ శబ్దము నపుంసకమని యెరిగినవానికి ప్రొబ్లేమా స్త్రీలింగము గాకుండుట వింతగా దోచదు.

ఇంతవరకు పరుల సంగతి. తెనుగున లింగము శబ్దమునకు గాక యర్థమునకు చెందినది. రాయియు చెట్టును ఆడవో మగవో యని మనము కంఠస్థము చేయనక్కరలేదు. ఇది గొప్ప సుఖమే. కాని యీ సుఖము వెనుక మన యాడువారికి సంబంధించిన ముడి యొకటి యున్నది. ఈ నాలుగు వాక్యములు చూడుడు.

పురుషుడు నీళ్లు తెచ్చినాడు. స్త్రీ నీళ్లు తెచ్చినది. ఎద్దు నీళ్లు త్రాగినది. స్త్రీలు నీళ్లు తెచ్చినారు.

ఒంటరిగా నున్న స్త్రీ ఎద్దుతో సమానమైన క్రియను పొందినది. ఇద్దరైనంతనే పురుషులతో చేరినది. ఎద్దులు రెండైనను నూరైనను 'త్రాగినవి' యనియే యుండును. చిన్నయసూరి బాలవ్యాకరణమున పురుషవాచకములను మహత్తులనియు, తక్కినవాని నమహత్తులనియు విభజించినాడు. స్త్రీవాచకములకు ఏకవచనమున అమహత్తుల దారియు, బహువచనమున మహత్తుల దారియు నబ్బినవి. పదము ఏ తరగతిదో తెలియగోరువారు సంఖ్యను చేర్చి చూడవలెను. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు శిశువులు అందుము. రెండు ఎద్దులు, రెండు చెట్లు అందుము. శిశువు మగదైనను 'ఏడ్చినది' యనియే యందుము. శిశువులు మాత్రము 'ఏడ్చినారు'. కావున ఈ ముడి స్త్రీలకు మాత్రమే పడినది గాదు.

ఇది తెనుగువారు స్త్రీని పశువుగా నెంచిరనుటకు సాక్ష్యమని సంస్కారప్రియులు కొందరు వాదింతురు. మాకు పూర్తిగా సమ్మతము గాదు. హిందూపురము దాటి కొంత దూరము పోయినచో కన్నడము వినబడును. అందు 'అవను బందను' పురుషునికి, 'అవళు బందళు' స్త్రీకి, 'అదు బందితు' తక్కినవానికి. అరవమునను 'అవళ్' కలదు. ఆ యిండ్లలో స్త్రీల బ్రతుకు మన యిండ్లలోకన్న నెక్కువ గౌరవముతో గడచినదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువడిన తమ ద్రావిడభాషా గ్రంథమున నిర్ణయించిన దేమనగా, మూలద్రావిడమున పురుషుడు, పురుషేతరము అను విభాగ మొక్కటియే రెండు వచనములందును ఉండెడిది. గోండీ మొదలగు భాషలలో నేటికిని స్త్రీలు అనేకులైనను పురుషేతరములలోనే యుందురు. కన్నడము, తమిళము ఏకవచనమున స్త్రీకి క్రొత్త రూపమును కల్పించుకొన్నవి. తెనుగు ఏకవచనమును పాతదారినే విడిచి, బహువచనమున స్త్రీలను పురుషుల పంక్తిలోనికి దెచ్చినది. అనగా మన భాష సగము దూరము నడచి నిలిచినది.

ఆ మిగిలిన సగము మన నోటిలో నున్నది. గౌరవముతో పలుకునపుడు ఒక్కరినే బహువచనమున చెప్పుదుము గదా. 'అమ్మగారు వచ్చినారు' అనినంతనే యామె, ఒక్కతె యయ్యును, మనుష్యుల తరగతిలో చేరుచున్నది. పురుషునకు 'వచ్చినాడు', 'వచ్చినారు' అను రెండింటి నడుమ భేదము మర్యాదకు మాత్రమే చెందినది. ఏ రూపమునైనను అతడు మహత్తే. స్త్రీకి మాత్రము తరగతియే మారును. మా సీమలో ఆయప్ప వచ్చినాడనియు ఆయమ్మ వచ్చినదనియు అందురు. ఇది చనువు గాని తిరస్కారము గాదు. మేమొకప్పుడు పని చేసిన యొక బడిలో మాత్రము, ఒకే చదువు చదివి ఒకే జీతము పుచ్చుకొను ఇరువురిని గూర్చి పిల్లలు 'సారు వచ్చినారు, టీచరమ్మ వచ్చింది' అనుచుండిరి. పెద్దలును అట్లే యనిరి. ఇక్కడ తప్పు బాలవ్యాకరణముది గాదు. ఒకరికిచ్చిన బహువచనము మరియొకరికి చెల్లింపబడలేదు, అంతే.

పిల్లలకు మేము చెప్పినదొక్కటే: ఆ రెండు వాక్యములను పలకపై నొకదాని క్రిందనొకటి వ్రాసి, రెంటిని బహువచనమున నొకమారు, ఏకవచనమున నొకమారు చదువుడని. ఏకవచనమున 'సారు వచ్చినాడు' అని చదువవలసి వచ్చినపుడు తరగతియంతయు నవ్వినది, ఒక్క బాలుడు భయపడి తలుపు వైపు చూచినాడు. 'టీచరమ్మ వచ్చింది' అని చదివినపుడు ఎవ్వరును నవ్వలేదు. ఎందులకు నవ్వలేదని అడిగితిమి. ముందు వరుసలోని బాలిక యొకతె కొంత తడవూరకుండి, "అది రోజూ అనేదే గదా, సార్" అన్నది.