980 రాని వాళ్లకు

నేను రిటైర్ అవుతున్న సంగతి మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఈ నెలాఖరుతో ఫిజిక్స్ ల్యాబ్ తాళాలు ఇచ్చేస్తాను. కొవ్వొత్తి, నిచ్చెన, దారి చూపే దీపం లాంటివన్నీ మొన్నటి సన్మానసభలో అయిపోయాయి. నాక్కూడా కొంచెం మొహమాటంగానే ఉండింది. అందుకని ఇక్కడ వాటి జోలికి పోను. మీ అందరికీ నాకూ మధ్య ఉమ్మడిగా ఉన్న ఒక వస్తువు గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. అది లఘులోలకం. దారం, గుండు, చీల్చిన బిరడా, స్టాండు, అంతే.

ఇంటర్‌లో మీరు చేసిన మిగతా ప్రయోగాల్లో సగం మీకు గుర్తుండవు, నాకు తెలుసు. లోలకం మాత్రం గుర్తుంటుంది, ఎందుకంటే దానికోసం నేను ఫ్యాన్లు ఆపించేదాన్ని. ఎండాకాలం ముందు చెమటలు కారుతుంటే "మేడమ్, ఒక్క ఫ్యాన్" అని బతిమాలేవాళ్లు. గాలి తగిలితే గుండు తిన్నగా ఊగకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుందని చెప్తే నమ్మేవాళ్లు కాదు. ఒకసారి ఫ్యాన్ వేసి చూపించాల్సి వచ్చేది. గుండును పక్కకి లాగేటప్పుడు నాలుగు వేళ్ల వెడల్పు దాటొద్దని చెప్పేదాన్ని, మనం వాడే సూత్రం చిన్న ఊపుకే సరిపోతుంది కాబట్టి. చెప్పిన మరుక్షణం ఎవడో ఒకడు జానెడు లాగి వదిలి పక్కవాడి స్టాండుకు తగిలించేవాడు. వాడెవడో వాడికి తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. దారం పొడవు, గుండు వ్యాసార్ధం కలిపి L. ఇరవై ఊపులకు పట్టిన కాలాన్ని ఇరవైతో భాగిస్తే T. g = 4π²L/T². సెంటీమీటర్లలో 980 రావాలని పుస్తకంలో ఉంది. మీ రికార్డుల్లోనూ 980 వచ్చేది. ఒక్కో బ్యాచ్‌లో ముప్పైమందికి ముప్పైమందికీ 979.8, 980, 980.3. ఇంతమంది చేతులు, ఇన్ని కళ్లు, ఒకటే సమాధానం! నేను రికార్డు తిప్పుతూ నవ్వుకునేదాన్ని. "మేడమ్‌కి ఎలా తెలిసిపోతుందిరా" అని మీరు బయట మాట్లాడుకునేవాళ్లు. వెళ్లిపోతున్నాను కాబట్టి ఆ రహస్యం ఇప్పుడు చెప్పేస్తాను.

మన ల్యాబ్‌లోవి కీ ఇచ్చే పాత స్టాప్‌వాచీలు. ముల్లు ఒక్కో గీతకు 0.2 సెకన్లు దూకుతుంది. L సరిగ్గా 100 సెంటీమీటర్లు పెట్టారనుకోండి. ఇరవై ఊపులకు వాచీలో 40.0 చూస్తే g 987 వస్తుంది. 40.2 చూస్తే 977. 40.4 చూస్తే 968. ముల్లు ఒక్క గీత జరిగితే జవాబు దాదాపు పది మారుతోంది. రెండుసార్లు కొలిచి సగటు తీస్తే మధ్యలో 982, 972 కూడా రావచ్చు. 980 మాత్రం రాదు. మీరెంత జాగ్రత్తగా చేసినా ఆ పొడవుకి, ఆ వాచీతో, రెండు కొలతలతో 980 రానేరాదు. మీరు 980 నుంచి వెనక్కి లెక్కకట్టి కాలం దగ్గర 40.14 అని రాసేవాళ్లు. 40.14 అనే గీత ఆ వాచీలో లేదు కదా నాయనా.

ఇంకో సంగతి. 980 మనది కాదు. g భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. మన తెలుగు ప్రాంతంలో అది 978 దాటి ఓ చుక్క. అంటే మీరు కష్టపడి కాపీ కొట్టింది మనకన్నా బాగా ఉత్తరాన ఉన్న ఏదో ఊరి విలువ.

ఇన్నేళ్లలో ఒక బ్యాచ్‌లో ఒకమ్మాయికి 1080, 1085, 1082 వచ్చాయి. పేరు చెప్పను, తను ఇది చదువుతుంది. పక్క బల్లవాళ్లు "దిద్దెయ్యవే, ఎక్స్‌టర్నల్ చూస్తే మార్కులు పోతాయి" అన్నారు. తను దిద్దలేదు. రికార్డు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడమ్, మా బల్ల దగ్గర భూమి ఎక్కువ లాగుతోందా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

అప్పుడు ఇద్దరం కూర్చుని అంకెలు చూశాం. 80 సెంటీమీటర్లకి 34.2 సెకన్లు, 90కి 36.2, వందకి 38.2. పొడవు మారినా g దాదాపు ఒకేలా ఎక్కువొస్తోంది. గుండు వ్యాసార్ధం కలపడం మర్చిపోతే ఇలా ఉండదు. అప్పుడు g తగ్గుతుంది, పైగా దారం పొట్టిదయ్యేకొద్దీ ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే పొట్టి దారంలో ఆ ఒక్క సెంటీమీటరు వాటా పెద్దది. ఇక్కడ తప్పు అన్ని పొడవులకీ ఒకే నిష్పత్తిలో ఉంది. అంటే వ్యాసార్ధం మర్చిపోవడం కాదు, లెక్కపెట్టడంలో ఉండొచ్చు. "మళ్లీ చెయ్యి, గట్టిగా లెక్కపెట్టు" అన్నాను. గుండు వదిలి, వాచీ నొక్కుతూనే "ఒకటి" అంది.

అదీ సంగతి. వదిలిన క్షణం సున్నా. అక్కడ ఒకటి అంటే, ఇరవై అనేసరికి పంతొమ్మిది ఊపులే అవుతాయి. పంతొమ్మిది ఊపుల కాలాన్ని ఇరవైతో భాగిస్తే T తగ్గి, g పదకొండు శాతం పెరుగుతుంది. 978కి పదకొండు శాతం కలిపి చూడండి, ఆమె అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుస్తుంది.

తను పాత పట్టిక మీద ఒకే గీత కొట్టింది, కింది అంకెలు కనబడేట్టు. మళ్లీ చేసింది. వందకి ఒకసారి 40.2, ఒకసారి 40.4. g 972. అదే రాసింది. ఎనిమిది తేడా ఉందని కాస్త దిగులుపడింది కూడా. ఆ వాచీతో అంతకన్నా దగ్గరికి రావడం అదృష్టమే తప్ప పనితనం కాదని చెప్పాను. ఆ రికార్డుకి పూర్తి మార్కులు వేశాను. 980 వాళ్లకి కూడా మార్కులు వేశాననుకోండి. పదహారేళ్ల పిల్లలకి ఎక్స్‌టర్నల్ భయం ఎంత ఉంటుందో నాకు తెలుసు.

ఆ అమ్మాయి శాస్త్రవేత్త అయిందా అని అడక్కండి. బ్యాంకులో పనిచేస్తోంది. సాయంత్రం క్యాష్ తేడా వస్తే తను ఏం చేస్తుందో నేను ఊహించుకోగలను.

మిమ్మల్ని మార్కులతో గుర్తుపెట్టుకోలేదు నేను. మీరు తెచ్చిన తప్పు అంకెలతో గుర్తుపెట్టుకున్నాను. "968 వాడు" అంటే ఒకడు, "ఆ 1080 పిల్ల" అంటే ఒకత్తి. ఒకడికి ఏకంగా 245 వచ్చింది. పోయి రావడాన్ని రెండు ఊపులుగా వదిలేసి పోయి రెండోసారి వచ్చాక ఒకటి అన్నాడు. వాడి పెళ్లిలో కూడా నాకు 245 అనే గుర్తొచ్చింది. 980 వాళ్లూ, మీరంటే నాకు తక్కువ ఇష్టం కాదు, కాకపోతే మిమ్మల్ని ఒకరి నుంచి ఒకర్ని విడదీసి గుర్తుపెట్టుకోవడం కష్టమైంది.

స్టాక్ రిజిస్టర్ అప్పజెప్పేశాను. కొత్తగా వచ్చినాయన మంచివాడు, ఓపికున్నవాడు. డిజిటల్ వాచీలు పెట్టించమని రాసి వెళ్తున్నాను. వాటిలో 40.14 కనబడుతుంది మరి, కొత్త పిల్లలని పట్టుకోవడానికి ఆయన వేరే దారి వెతుక్కోవాలి. పాతవాటిలో ఒకటి, అద్దం పగిలింది, ఎలాగూ కొట్టివేత జాబితాలోది, డబ్బులు కట్టి తీసుకున్నాను. ఇంట్లో బల్ల మీద ఉంది. ఇటువైపు వస్తే ఇంటికి రండి. దారం, గుండు నా దగ్గర ఉన్నాయి. ఫ్యాన్ మాత్రం ఆపాల్సి ఉంటుంది.