మేరాకు జవాబు

దసరా నాటి సాయంత్రం మా ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. జమ్మి కొమ్మ, దాని కింద 'దసరా శుభాకాంక్షలు' అన్న బంగారు రంగు అక్షరాలు. అంతకు మించి ఒక్క మాట లేదు. పంపింది కోట్‌పల్లి దగ్గరి ఒక తండా బిడ్డ. పదో తరగతి దాకా మా సాయంకాలం బడిలో చదివింది. ఇంటర్ మొదటి ఏడాదిలో చేరి, మధ్యలో కాలేజీకి పోవడం మానేసింది.

మేము ముగ్గురం. ఇద్దరం పంతుళ్లం, ఒకరం డిగ్రీ చదివి తండాలోనే ఉన్నవాళ్లం. ముగ్గురమూ లంబాడీలమే. ఆ బొమ్మ చూడగానే మాకు సంతోషమైంది. చాలా రోజుల తర్వాత బిడ్డ గుర్తు చేసుకుంది అనుకున్నాం. వెంటనే జవాబు రాశాం: "శుభాకాంక్షలు బిడ్డా. కాలేజీ ఎందుకు మానేసినవ్? ఇంట్లో ఏమన్న ఇబ్బందా? అటెండెన్స్ పోతే పరీక్ష రాయనియ్యరు. రేపు వచ్చి కలువు."

రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మరునాడు ఆమె రాలేదు. ఆ తర్వాత మేము పంపిన ఏ మాటకూ టిక్కులు కూడా నీలం కాలేదు.

మేము రాసిన దాంట్లో తప్పు మాట ఒక్కటీ లేదు. అడిగినవన్నీ అడగాల్సినవే. అయినా తలుపు మూసుకుంది. ఎందుకు మూసుకుందో మాకు తర్వాత కొద్ది రోజులకే, దీపావళి రాత్రి అర్థమైంది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాం.

దీపావళి అమావాస్య రాత్రి మన తండాల్లో మేరా అడగడం ఉంటుందని చదివేవాళ్లకు తెలుసు. తెలియని పంతుళ్ల కోసం చెబుతున్నాం. పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ముందు నాయక్ ఇంటికి, తర్వాత ఇంటింటికీ వెళతారు. గడప ముందు నిలబడి ఆ ఇంటి వాళ్లను వరసపెట్టి పలకరిస్తూ పాడతారు. బాపుకు మేరా, యాడికి మేరా, భీయాకు మేరా. మేరా అంటే పండుగ దండం అనుకోండి, దీవెన అడగడం అనుకోండి. ఆ పలకరింపులో వేరే సంగతి ఏదీ ఉండదు. అప్పు మాట ఉండదు, పొలం మాట ఉండదు, ఎవరి మీదా ఫిర్యాదు ఉండదు. ఇంట్లో వాళ్లు పిల్లల దీపాల్లో కొంచెం నూనె పోస్తారు, కొందరు చేతిలో నాలుగు పైసలు పెడతారు. అదే జవాబు. పిల్లలు పక్కింటికి సాగిపోతారు.

ఆ రాత్రి మేము ఒక ముసలి యాడి ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. పిల్లలు వచ్చారు, పాడారు. ఆమె నూనె గిన్నె తెచ్చి ఒక్కొక్క దీపంలో చెంచాడు పోసింది. ఎవరికీ ఎక్కువ పోయలేదు, ఎవరికీ తక్కువ పోయలేదు. ఆ గుంపులో ఒక పిల్ల హాస్టల్ నుంచి పారిపోయి వచ్చిందని తండా అంతా చెప్పుకుంటున్నారు. ముసలామెకూ తెలుసు. అయినా ఆమె ఆ ఊసు ఎత్తలేదు. పిల్లలు కదులుతుంటే మాత్రం అందరికీ వినబడేలా ఒక మాట అంది: "నేను రేపు పొద్దంతా ఇంట్లోనే ఉంటా, శనగలు ఏరుతా."

అంతే. ఎవరినీ రమ్మని పిలవలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. మరునాడు ఆ పిల్ల వచ్చి శనగలు ఏరుతూ కూర్చుందని, హాస్టల్లో ఏం జరిగిందో చెప్పిందని ముసలామె తర్వాత మాతో అంది. పిల్ల చెప్పిన సంగతి మాత్రం మాకు చెప్పలేదు.

ఆ అరుగు మీదే మా దసరా జవాబు మాకు గుర్తొచ్చింది. బిడ్డ మా గడప ముందుకు దీపం పట్టుకుని వచ్చింది. మేము నూనె పోయకుండా, చేయి పట్టుకుని లోపలికి గుంజి, నాలుగు ప్రశ్నలు వేశాం.

ఇంకో సంగతి కూడా మేము ఆలోచించలేదు. తండాలో ఆడపిల్ల చేతిలోని ఫోను చాలా ఇళ్లలో ఆమెది కాదు. అది ఇంటి ఫోను. పొద్దున అన్న దగ్గర ఉంటుంది, సాయంత్రం యాడి దగ్గర ఉంటుంది, బాపు పని నుంచి వస్తే ఆయన జేబులో ఉంటుంది. మన మాట ఎవరి కంట పడుతుందో మనకు తెలియదు. శుభాకాంక్షల బొమ్మను ఎవరు చూసినా ఏమీ అనరు. అందుకే మనసులో భారం ఉన్న బిడ్డ బొమ్మే పంపుతుంది. 'కాలేజీ ఎందుకు మానేసినవ్' అన్న మాట అలాంటిది కాదు. దాన్ని ఇంట్లో వాళ్లు చూస్తే, బయటివాళ్లతో ఏం చెప్పుకుంటున్నవని బిడ్డనే నిలదీస్తారు.

అదే రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. అదే బిడ్డ. ఈసారి బొమ్మ కూడా కాదు, ఒకే మాట టైపు చేసింది: 'మేరా'.

మేము ముగ్గురం కూర్చుని ఆ జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. రాసి చెరిపాం, మళ్లీ రాశాం. చివరికి పంపింది ఇది: "మేరా బిడ్డా. మీ యాడికి, బాపుకు, భీయాకు, అందరికీ మేరా. నీ పలకరింపు చూసి సంతోషమైంది. మేము ఆదివారం దాకా తండాలోనే ఉంటం, సాయంత్రం బడి దగ్గర పుస్తకాలు సర్దుతం."

ఇందులో మేము చూసుకున్నవి మూడు. ఆమె ఏ మాటతో పలకరించిందో అదే మాటతో బదులిచ్చాం. మేరాకు రెడీమేడ్ దీపావళి బొమ్మ పంపితే పలకరింపు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ బొమ్మ ఎవరికైనా పంపేదే. రెండోది, ఇంటివాళ్లందరినీ వరసతో తలుచుకున్నాం. అన్న చదివినా, బాపు చదివినా తమనూ పలకరించారనే అనుకుంటారు. మూడోది చివరి వాక్యం. అది ప్రశ్న కాదు. ప్రశ్న వేస్తే జవాబు బాకీ పడుతుంది. ఇవ్వలేని వాళ్లు ముఖం చాటేస్తారు. మేము ఎక్కడ ఉంటామో, ఎప్పటిదాకా ఉంటామో మాత్రమే చెప్పాం. ఏమీ లేకపోతే ఆమె దాన్ని వదిలేయవచ్చు, ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఆమె ఒక దండం గుర్తు పెట్టి ఊరుకుంది. మేమూ ఊరుకున్నాం. శుక్రవారం పోయింది. శనివారం మాలో ఒకరం 'ఒక్కసారి అడిగి చూద్దాం' అంటే మిగిలినవాళ్లం వద్దన్నాం. ఆదివారం సాయంత్రం బిడ్డ తన చిన్న చెల్లెల్ని వెంటబెట్టుకుని బడికి వచ్చింది. చెల్లెలికి రెండో తరగతి వాచకం కావాలంది. వాచకం ఇచ్చాం. అట్ట సరిచేస్తూ, మా ముఖం చూడకుండా అడిగింది: "సార్, వయసుకు ఏది చూస్తరు? ఆధారా, టెన్త్ మెమోనా?"

ఆ ఒక్క ప్రశ్నలో కథ అంతా ఉంది. ఆమెకు సంబంధం చూస్తున్నారు. చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని అందాజాగా వేయించారు. ఆ లెక్కన పద్దెనిమిది నిండాయి. పదో తరగతి మెమో ప్రకారం పదహారు దాటి కొన్ని నెలలే.

మేము ఆమెను ఇంకేమీ అడగకుండా అడిగినదానికే జవాబు చెప్పాం. పిల్లల వయసు తేల్చాల్సి వస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రాన్ని, పదో తరగతి సర్టిఫికెట్‌ను చూడమంటుంది. అవి లేకపోతేనే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవి చెప్పాక ఆమె తల ఎత్తింది. "మరి మా బాపుకు మీరు చెప్తరా?" అంది. అప్పుడు మాత్రమే, ఆమె పిలిచాకే, మేము ఆ ఇంటికి వెళ్లాం.

బాపు తాండూరు నాపరాయి గనుల్లో పని చేస్తాడు, పండుగకు వచ్చి ఉన్నాడు. "ఆధార్‌ల ఉన్నది గద సార్" అన్నాడు. మెమో ముందు పెట్టాం. అమ్మాయికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే 2006 నాటి చట్టం కింద చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చని చెప్పాం. ఆయనకు కోపం వచ్చింది. నాయక్ కూర్చుని మాట్లాడాక మెత్తబడ్డాడు. సంబంధం వదులుకోలేదు, మెమో ప్రకారం పద్దెనిమిది నిండేదాకా ఆగుతామన్నారు. బిడ్డ మళ్లీ కాలేజీకి పోతోంది. గెలిచామని మేము అనుకోవడం లేదు. కొంత గడువు దొరికింది.

తర్వాత ఒకరోజు ఆమె అంది, దసరా రోజు మా జవాబు అన్న చూశాడట. 'కాలేజీ సంగతి వీళ్లకు ఎందుకు' అని ఫోను దాచేశాడట. మేరా జవాబును కూడా అన్నే ముందు చదివాడట. "మా అందరికీ మేరా చెప్పిన్రు" అని యాడికి చదివి వినిపించి, ఫోను బిడ్డ చేతికి ఇచ్చాడట.

ప్రతి పలకరింపు వెనకా ఇలాంటి సంగతి ఉంటుందని చెప్పడం లేదు. ఎక్కువసార్లు పండుగ మాట పండుగ మాటే. అందరికీ ఒకేసారి పోయిన బొమ్మకు సాధారణంగా వెనక ఏమీ ఉండదు. చాలాకాలం మాట లేని మనిషి, మనకొక్కరికే, వేళ కాని వేళ, సొంతంగా టైపు చేసి పంపితే కొంచెం ఆగి చూడాలి. అది కూడా గుర్తు మాత్రమే, రుజువు కాదు. అందుకే జవాబు రెండు రకాల వాళ్లకూ సరిపోయేలా ఉండాలి.

ఈ ఏడాది తీజ్‌కు బుట్టల్లో గోధుమ మొలకల ఫోటో ఒకటి వచ్చింది, పుణెలో కూలికి పోయిన ఒక పిల్లవాడి నుంచి. కింద 'తీజ్ శుభాకాంక్షలు' అని ఉంది. "నీకూ తీజ్ రా తమ్ముడూ. మీ యాడి నిన్న పాట ఎత్తుకుంది, గొంతు ఇంకా అట్లనే ఉన్నది. రాత్రి తొమ్మిది దాటాక మేము ఖాళీగనే ఉంటం" అని రాశాం. ఒక నవ్వు బొమ్మ వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏమీ రాలేదు. తొమ్మిది దాటాక ఫోను మాత్రం దగ్గర పెట్టుకునే ఉంటున్నాం.